పైన తేదీ, లోపల బ్రాకెట్లు: పదో తరగతి లెటర్‌లో టెన్సులు ఎలా పట్టుకోవాలి

పదో తరగతి ఇంగ్లీషులో టెన్సుల ప్రశ్న చాలా రకాలుగా వస్తుంది. విడివిడి వాక్యాలిచ్చి ఖాళీలు నింపమంటే పిల్లలు ఏదోలా గట్టెక్కేస్తారు. అవే క్రియలను ఒక ఫిర్యాదు లేఖలో బ్రాకెట్లలో పెట్టి, సరైన రూపం రాయమంటే మాత్రం బాగా చదివేవాళ్లు కూడా తడబడతారు. సీబీఎస్‌ఈ పదో తరగతి గ్రామర్ సిలబస్‌లో టెన్సులు, మోడల్స్, సబ్జెక్ట్-వెర్బ్ కాంకర్డ్, రిపోర్టెడ్ స్పీచ్, డిటర్మినర్స్ వేర్వేరు అంశాలుగా ఉంటాయి. లేఖలోకి వచ్చేసరికి వీటిలో మూడు నాలుగు ఒకే ఖాళీ మీద పడతాయి.

తెలుగు ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. తెలుగులో ఒక్క క్రియారూపం చేసే పనిని ఇంగ్లీషులో రెండు మూడు రూపాలు పంచుకుంటాయి. వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకుని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చే అలవాటున్నవాళ్లు సరిగ్గా ఆ చోట్లలోనే పడతారు. ఒక లేఖ తీసుకుని ఖాళీ ఖాళీగా చూద్దాం. పన్నెండు క్రియలతో నేను రాసిన లేఖ ఇది. చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాను.

తేదీ: 18 జులై
టు ద మున్సిపల్ కమిషనర్
సర్,
ఐ (1. రైట్) టు బ్రింగ్ టు యువర్ నోటీస్ ద కండిషన్ ఆఫ్ ద స్ట్రీట్ లైట్స్ ఇన్ అవర్ కాలనీ. సిక్స్ లైట్స్ ఆన్ ద మెయిన్ రోడ్ (2. నాట్ వర్క్) సిన్స్ 1 జులై. ఆన్ 5 జులై వి (3. గివ్) ఎ రిటన్ కంప్లైంట్ ఎట్ ద వార్డ్ ఆఫీస్. ద క్లర్క్ టోల్డ్ అస్ దట్ ద లైన్‌మ్యాన్ (4. ఆల్రెడీ నోట్) ద పోల్ నంబర్స్. ద లైన్‌మ్యాన్ (5. కమ్) టూ డేస్ లేటర్ అండ్ (6. టేక్) సమ్ ఫోటోస్. సిన్స్ దెన్ నోబడీ (7. విజిట్) అవర్ స్ట్రీట్. ఆన్ 10 జులై, వైల్ మై గ్రాండ్‌మదర్ (8. రిటర్న్) ఫ్రమ్ ద టెంపుల్, షి (9. స్లిప్) ఇంటు యాన్ ఓపెన్ డ్రెయిన్. అవర్ ట్యూషన్ (10. ఎండ్) ఎట్ 8.30 ఎవ్రీ నైట్. ఇఫ్ ద లైట్స్ (11. నాట్ రిపేర్) బిఫోర్ వినాయక చవితి, సమ్‌వన్ ఎల్స్ (12. గెట్) హర్ట్.

పిల్లలు సాధారణంగా తేదీని వదిలేసి ‘సర్’ దగ్గర నుంచి చదువుతారు. తేదీ ఫార్మాట్ మార్కుల కోసమే అనుకుంటారు. ఈ ప్రశ్నలో అన్నిటికంటే పనికొచ్చే లైను అదే. లేఖలో ‘ఇప్పుడు’ అంటే జులై 18. మిగతా ప్రతి క్రియ ఆ రోజుకు ముందా, వెనకా, లేక దాన్ని తాకుతూ ఉందా అన్నదే టెన్సును తేలుస్తుంది. రఫ్ పేజీ మీద ఒక గీత గీసి జులై 1, 5, 7, 10, 18 వరసగా రాసుకోండి. 7 లేఖలో ఎక్కడా లేదు కదా అంటారేమో, 5వ తేదీ ఫిర్యాదుకు ‘టూ డేస్ లేటర్’ అంటే 7వ తేదీయే. ఈ గీతకు అర నిమిషం పడుతుంది. ఆ తర్వాత చాలా ఖాళీలు వాటంతట అవే తేలిపోతాయి.

తేలికైనవి ముందు అయిపోతే మంచిది. 3, 5, 6, 9 ఖాళీల్లో పని ఒక రోజున జరిగింది, ఆ రోజే అయిపోయింది. ఫిర్యాదు ఇచ్చింది 5న, లైన్‌మ్యాన్ వచ్చి ఫోటోలు తీసింది 7న, నాయనమ్మ జారిపడింది 10న. గడిచిపోయిన తేదీన జరిగి, అక్కడే అయిపోయిన పనికి సింపుల్ పాస్ట్, అంతే. గేవ్, కేమ్, టుక్, స్లిప్డ్. ఇక్కడ పోయే మార్కులు టెన్సు వల్ల కాదు, స్పెల్లింగ్ వల్ల పోతాయి. స్లిప్డ్‌లో రెండు పీలు పడాలి. అదే పిల్లాడు మొదటి ఖాళీలో రైటింగ్‌కు రెండు టీలు పెడతాడు, అక్కడ ఒకటే ఉండాలి. పలకడం తెలిసినంత మాత్రాన మార్కు రాదు.

అసలు చిక్కు 2, 7 ఖాళీల్లో ఉంది. తెలుగులో ‘జులై ఒకటి నుంచి లైట్లు వెలగడం లేదు’ అంటాం. ఈ క్షణంలో వెలగడం లేదన్నా అదే మాట, పద్దెనిమిది రోజులుగా వెలగడం లేదన్నా అదే మాట. ‘నుంచి’ అన్న ముక్క కాలాన్ని చెప్పేస్తుంది కాబట్టి క్రియ మారాల్సిన పని మనకు లేదు. ఆ లెక్కన పిల్లలు ‘ఆర్ నాట్ వర్కింగ్ సిన్స్ 1 జులై’ అని రాసేస్తారు. మన దగ్గర మాట్లాడే ఇంగ్లీషులో ఇది ఎంత మామూలంటే, ఆఫీసుల్లో పెద్దవాళ్లూ అలాగే అంటారు. పరీక్షలో మాత్రం చెల్లదు. ఇంగ్లీషులో సిన్స్ వచ్చిందంటే, పని గతంలో ఒకచోట మొదలై లేఖ తేదీ దాకా సాగిందని క్రియ కూడా చెప్పాలి. అందుకే ‘హ్యావ్ నాట్ బీన్ వర్కింగ్’. ‘హ్యావ్ నాట్ వర్క్‌డ్’ రాసినా తప్పు పట్టడానికి లేదు. కాకపోతే మొదటిది ‘అప్పటినుంచీ ఇదే వరస’ అన్న విసుగును బాగా పట్టిస్తుంది కాబట్టి ఫిర్యాదుకు నప్పుతుంది.

ఏడో ఖాళీలో సిన్సే ఉంది, కానీ పొరపాటు వేరే దారిలో వస్తుంది. ‘అప్పటినుంచి ఎవరూ రాలేదు’. మన ‘రాలేదు’లో నిన్న రాలేదన్న మాటా ఉంది, ఇప్పటిదాకా రాలేదన్న మాటా ఉంది. జులై 7న మొదలై 18 వరకు ఖాళీగా పోయిన కాలమిది, అంటే పొడుగున్న కాలమే, ఒక్క రోజు కాదు. అందుకని ‘హ్యాజ్ విజిటెడ్’. పిల్లలు ఇక్కడ మూడు రకాలుగా తప్పుతారు. కొందరు ‘విజిటెడ్’ రాసి ఊరుకుంటారు. కొందరు నోబడీ అంటే ఊళ్లో జనమంతా అనుకుని ‘హ్యావ్’ వేస్తారు, ఇంగ్లీషులో నోబడీ ఏకవచనం. మూడోది మన భాష నుంచి నేరుగా దిగుమతయ్యే తప్పు: ‘నోబడీ హ్యాజ్ నాట్ విజిటెడ్’. తెలుగులో ‘ఎవరూ’ అన్నాక క్రియలో కూడా లేదు ఉండి తీరాలి, ‘ఎవరూ వచ్చారు’ అంటే వాక్యమే కాదు. ఇంగ్లీషులో నోబడీ ఒక్కటే ఆ ‘లేదు’ను మోసేస్తుంది. బ్రాకెట్లో నాట్ ఇచ్చారా లేదా అని ఒకసారి చూసుకుంటే ఈ తప్పు జరగదు. రెండో ఖాళీలో నాట్ ఇచ్చారు, ఏడులో ఇవ్వలేదు. లేనిదాన్ని మనం చేర్చకూడదు.

ఇక హ్యాడ్. ‘గతంలో రెండు పనులు జరిగితే ముందు జరిగినదానికి హ్యాడ్’ అని క్లాసులో ఒకసారి వినగానే పిల్లలు పోపులో ఆవాలు వేసినట్టు అంతటా చల్లేస్తారు. లైన్‌మ్యాన్ వచ్చి ఫోటోలు తీశాడంటే రెండు పనులే, ముందూ వెనకా కూడా ఉన్నాయి. అయినా ‘హ్యాడ్ కమ్ అండ్ టుక్’ అనరు. కథ జరిగిన వరసలోనే నడుస్తోంది కాబట్టి రెండూ సింపుల్ పాస్ట్‌లోనే ఉంటాయి. కథ ఒక చోటికి వచ్చి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూసినప్పుడే హ్యాడ్ కావాలి. నాలుగో ఖాళీలో జరిగింది అదే. మనం 5వ తేదీన వార్డ్ ఆఫీసులో నిలబడి ఉన్నాం, క్లర్క్ మాట్లాడుతున్నాడు, అతను చెప్పే సంగతి అంతకుముందే జరిగిపోయింది. ఆల్రెడీ అన్నది దానికి గుర్తు. జవాబు ‘హ్యాడ్ ఆల్రెడీ నోటెడ్’, ఆల్రెడీ రెండింటి మధ్య కూర్చోవాలి.

ఇక్కడ తెలుగు ఎలా అడ్డుపడుతుందో చూడండి. ‘లైన్‌మ్యాన్ అప్పటికే స్తంభాల నంబర్లు రాసుకున్నాడని చెప్పాడు.’ క్లర్క్ నోటి మాట ‘రాసుకున్నాడు’. మనం దాన్ని ఎత్తి పెట్టి చివర ‘అని’ తగిలించాం, క్రియను ముట్టుకోలేదు. ఇంగ్లీషులో టోల్డ్ వచ్చాక లోపలి క్రియ ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. తర్వాతి వాక్యంలోని ‘టూ డేస్ లేటర్’ చూసి కొందరు ఈ ఖాళీలో కూడా విల్ వేస్తారు. ఫోటోలు తర్వాత తీశాడు కదా, నంబర్లూ అప్పుడే రాసుకుంటాడని వాళ్ల లెక్క. క్లర్క్ చెప్పింది నిజమా కాదా అన్నది మనకు అనవసరం (సగం ఫిర్యాదులు ఈ మాట దగ్గరే ఆగిపోతాయన్నది వేరే సంగతి). జరిగిపోయిందని అతను చెప్పాడు, కాబట్టి హ్యాడ్.

ఎనిమిదో ఖాళీలో ‘గుడి నుంచి వస్తుండగా’ అంటాం. ‘వస్తుండగా’లో నిన్న లేదు, నేడు లేదు, పక్కనున్న ‘జారిపడింది’ని బట్టే అది గతమని తెలుస్తుంది. అందుకే చాలామంది ‘రిటర్నింగ్’ అని మాత్రం రాసి వదిలేస్తారు. వైల్ తర్వాత గ్రాండ్‌మదర్ అన్న కర్త ఉంది కాబట్టి పూర్తి క్రియ పడాలి, ‘వాజ్ రిటర్నింగ్’. కర్త లేకుండా ‘వైల్ రిటర్నింగ్ ఫ్రమ్ ద టెంపుల్, మై గ్రాండ్‌మదర్ స్లిప్డ్’ అంటే అప్పుడు ఒక్క రిటర్నింగ్ చాలు. వార్తాపత్రికల్లో కనిపించేది ఎక్కువగా ఈ రెండో రకం, పిల్లలకు అది గుర్తుండిపోతుంది.

పది, పన్నెండు ఖాళీలను కలిపి చూడాలి. ‘ట్యూషన్ రోజూ ఎనిమిదిన్నరకు అయిపోతుంది’, ‘ఇంకెవరికో దెబ్బలు తగులుతాయి’. అయిపోతుంది, తగులుతాయి, మనకు రెండూ ఒకే తరహా రూపాలు. రోజూ జరిగేదానికీ, ఇకముందు జరగబోయేదానికీ తెలుగులో ఒకటే క్రియ సరిపోతుంది. ఇంగ్లీషు వాటిని విడదీస్తుంది. రోజువారీ సంగతికి ‘ఎండ్స్’, జరగబోయేదానికి ‘విల్ గెట్’. పదో ఖాళీలో ‘విల్ ఎండ్’ రాసినవాడు గ్రామర్ తెలియక రాయలేదు, మనసులో ‘అయిపోతుంది’ అనుకుని రాశాడు. ఎవ్రీ నైట్ అన్న రెండు మాటల కింద గీత గీసి ఉంటే ఆగేవాడు. ఎండ్స్ రాసేవాళ్లలో కూడా చివరి ఎస్ మరిచిపోయేవాళ్లుంటారు, ట్యూషన్ ఒక్కటే కాబట్టి ఎస్ తప్పదు.

పదకొండు ఈ లేఖలో అన్నిటికంటే కష్టమైన ఖాళీ. ‘బాగు చేయకపోతే’ అంటాం. అందులో కర్త ఎవరో లేదు, కాలం లేదు. ఇంగ్లీషు రెండూ అడుగుతుంది. వినాయక చవితి ఇంకా రాలేదు, అంటే మాట భవిష్యత్తుదే, అందుకని పిల్లలు ‘ఇఫ్ ద లైట్స్ విల్ నాట్ రిపేర్’ అని రాస్తారు. రెండు తప్పులు ఒకేచోట. ఇలాంటి షరతులో ఇఫ్ ఉన్న ముక్కలోకి విల్ రాదు, అక్కడ ప్రెజెంట్ ఉంటుంది, విల్ రెండో ముక్కలో వస్తుంది. రెండోది, లైట్లు తమను తాము రిపేర్ చేసుకోవు. ఎవరో వాటిని చేయాలి, కాబట్టి పాసివ్: ‘ఆర్ నాట్ రిపేర్డ్’. బ్రాకెట్లో రిపేర్ అని మాత్రమే ఉంటుంది, పాసివ్ కావాలని ప్రశ్న ఎక్కడా చెప్పదు. దాన్ని పట్టే పద్ధతి ఒకటే. ఖాళీకి ముందున్న కర్తను చూసి, ఈ పని అది చేస్తోందా, దాని మీద జరుగుతోందా అని అడగాలి. పన్నెండు ఖాళీలకూ ఈ ప్రశ్న వేయండి, పదకొండు చోట్ల కర్తే చేస్తుంది, ఒక్కచోట కాదు.

మొదటి ఖాళీని కావాలనే చివరికి ఉంచాను. అన్నిటికంటే ముందు కనపడేది అదే అయినా, అర్థమయ్యేది చివరికే. తెలుగు అర్జీ ‘తమరికి విన్నవించుకునేది ఏమనగా’ అని మొదలవుతుంది. ఆ మాటలో కాలమే లేదు. విన్నవించానా, విన్నవిస్తున్నానా, విన్నవిస్తానా అన్న ప్రసక్తి రాకుండానే వాక్యం గడిచిపోతుంది. ఇంగ్లీషు లేఖకు ఆ వెసులుబాటు లేదు. లేఖ తేదీ నాడు, కాగితం మీద చేయి ఆడుతున్న సమయానికి, ‘యామ్ రైటింగ్’. ‘హ్యావ్ రిటన్’ అంటే ఇంతకుముందే ఇంకో లేఖ రాశానని అర్థం మారిపోతుంది, నిజానికి ఫిర్యాదు ఇచ్చి ఉన్నారు కాబట్టి కమిషనర్ ఆ అర్థమే తీసుకునే ప్రమాదమూ ఉంది. పాతకాలపు లేఖల్లో ‘ఐ రైట్ టు ఇన్‌ఫార్మ్ యు’ అని ఉండేది, ఇప్పటికీ అక్కడక్కడా కనపడుతుంది, వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. పరీక్షలో మాత్రం యామ్ రైటింగ్ రాస్తే ఎవరూ ప్రశ్నించరు.

ఈ మాట దగ్గర పేపర్ తయారుచేసే టీచర్లకూ కొంత చెప్పుకోవాలి. బ్రాకెట్ల ప్రశ్న రాయడం సులువుగా కనపడుతుంది. ఒక లేఖ తీసుకుని క్రియలన్నీ మూలరూపంలోకి మార్చి బ్రాకెట్లో పెడితే అయిపోయిందనుకుంటారు. అలా చేస్తే రెండు జవాబులున్న ఖాళీలు దొర్లిపోతాయి. పై లేఖలో నాలుగో ఖాళీలోంచి ఆల్రెడీ తీసేసి చూడండి. ‘ద క్లర్క్ టోల్డ్ అస్ దట్ ద లైన్‌మ్యాన్ నోటెడ్ ద పోల్ నంబర్స్’ అని రాసినవాడిది తప్పని గట్టిగా చెప్పలేం. ‘సిన్స్ దెన్’ తీసేస్తే ఏడులో ‘విజిటెడ్’ కూడా సరైనదే అవుతుంది. పన్నెండులో ‘మే గెట్’ రాసిన పిల్లకు మార్కు ఇవ్వాలా వద్దా? అర్థం చక్కగా సరిపోయింది, మున్సిపల్ కమిషనర్‌కు రాసే లేఖలో మే ఇంకా మర్యాదగా ఉంది కూడా. టెన్సులు మాత్రమే అడుగుతున్నామని ప్రశ్నలో ఉంటే విల్ ఒక్కటే కీ, లేకపోతే నా లెక్కలో మార్కు ఇవ్వాల్సిందే. కీ రాసుకున్నాక దాన్ని పక్కన పెట్టి, ఇంకో టీచర్‌తో ఖాళీలు నింపించి రెండింటినీ పోల్చి చూస్తే ఇలాంటివి వెంటనే బయటపడతాయి. ఇద్దరు టీచర్లకు జవాబు కలవలేదంటే లోపం ఖాళీలో ఉంది, వాక్యంలో కాలాన్ని చెప్పే మాట ఒకటి చేర్చాలి.

ఇంకో రకం ఖాళీ ఈ ప్రశ్నల్లో తరచూ చొరబడుతుంది. లేఖ చివర ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు (హియర్) ఫ్రమ్ యు’. జవాబు ‘హియరింగ్’. పిల్లలు టు చూడగానే ‘టు హియర్’ అని ఉంచేస్తారు, ఎందుకంటే టు తర్వాత మూలరూపం వస్తుందని చిన్న క్లాసుల నుంచీ నేర్చుకున్నారు. ఇక్కడి టు ఆ టు కాదు, ‘దానికోసం ఎదురుచూస్తున్నాను’ అన్నప్పుడు ‘కోసం’ లాంటిది, దాని తర్వాత పేరులా వాడుకునే రూపం రావాలి. నేర్చుకోవాల్సిందే, సందేహం లేదు. కానీ ఆ జవాబు జులై 18న రాసినా, డిసెంబరులో రాసినా, నిరుడు రాసినా హియరింగే. టెన్సుల పరీక్షలో దానికి చోటు లేదు. అదే వాక్యంలో లుక్ అన్నదాన్ని బ్రాకెట్లో పెట్టినా ఇబ్బందే, లుక్ అన్నా యామ్ లుకింగ్ అన్నా రెండూ నడుస్తాయి. మొదటిది కాస్త లాంఛనంగా ఉంటుంది, రెండోది కాస్త చనువుగా. ఆ తేడా చూసి పదో తరగతి పిల్లల మార్కు కోయడం సబబు కాదు. అందుకే పై లేఖలో ఆ వాక్యాన్నే పెట్టలేదు.